అప్‌డేట్: ఆటల పోటీల ఉత్తరం పంపాక

మా బడి ఆటల పోటీల గురించి తల్లిదండ్రులకు ఉత్తరం రాస్తూ నేను అడిగింది: "బట్టలు, నీళ్ల సంగతి రాయగలను. పోటీకి రానన్న పిల్లల గురించి తల్లిదండ్రులకు ఏమని రాయాలి?"

మీ సలహాతో "అందరూ తప్పక పాల్గొనాలి" అన్న వాక్యం కొట్టేశాను. ఉత్తరంతో పంపిన చీటీలో మూడు గళ్లు పెట్టాను: పరుగెత్తుతాను, జట్టు ఆట మాత్రమే ఆడతాను, నిర్వహణలో సాయం చేస్తాను. గడి పిల్లలే నింపాలని, పెద్దలు సంతకం మాత్రం చేయాలని రాశాను.

అయినా ఒక ఐదో తరగతి అమ్మాయి చీటీలో మూడో గడిలో చెరిపేసిన పెన్సిల్ గుర్తు, మొదటి గడిలో నీలం సిరా టిక్కు కనిపించాయి. విడిగా పిలిచి అడిగితే, "చివర వస్తే నవ్వుతారండీ" అంది. వాళ్లమ్మగారికి ఫోను చేసి ఒప్పించి, స్టాప్‌వాచీ ఆ అమ్మాయి చేతికిచ్చాను. ఈల వేయడం ఆలస్యమైందని నన్నే రెండుసార్లు మందలించింది!

బట్టల విషయంలో "వదులైన నూలు బట్టలు" అని రాసినా, ఫొటోల కోసం మెరిసే పాలిస్టర్ చొక్కాలతో పంపినవారున్నారు. మా కోనసీమ ఉక్కలో చెమట ఆరదు కదా. లీటరు సీసాలు పదిన్నరకే ఖాళీ. ఈసారి ఉత్తరంలో "బడిలో మళ్లీ నింపుతాం" అని రాసి, మైదానం పక్కనే కుళాయి డ్రమ్ము పెట్టిస్తాను.