అప్‌డేట్: రాత్రంతా బయటే ఉండిపోయిన పార్సిల్ నూడుల్స్

నా ప్రశ్న: "ఎగ్ నూడుల్స్ బాక్స్ రాత్రంతా కిచెన్ గట్టు మీదే ఉండిపోయింది, వాసనేం రావట్లేదు, చల్లగానే తినేయొచ్చా, వేడి చేస్తే చాలా?"

రిప్లై ఇచ్చినోళ్లందరికీ థాంక్స్. పారేయమన్నవాళ్లదే కరెక్ట్. నేను పారేసేలోపే మా తమ్ముడు బాండీలో పొగలొచ్చేదాకా వేయించుకుని సగం లాగించేశాడు, మధ్యాహ్నం కాకముందే వాంతులు మొదలు, జ్వరం మాత్రం లేదు. డాక్టర్ గారు చూసి ఇది బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పని అయ్యుంటుందన్నారు, వండిన అన్నం, నూడుల్స్ బయట ఉంటే అది పెరిగి ఒక విషం వదుల్తుందంట, తర్వాత ఎంత వేడి చేసినా బ్యాక్టీరియా చస్తుందేమో గానీ ఆ విషం పోదు. అందుకే చల్లగానా వేడిగానా అన్న నా ప్రశ్నకే అర్థం లేదు, వాసన చూడ్డం కూడా దండగే. వాడికి ఓఆర్ఎస్‌తోనే సాయంత్రానికి తగ్గింది.

బయట 2 గంటలు, మన ఎండాకాలంలో అయితే గంట, అంతకంటే ఉంచొద్దన్నారు. అదే రాత్రి తినగానే ఫ్రిజ్‌లో పెట్టిన పిజ్జా ముక్కలు మాత్రం బాగానే ఉన్నాయి, చల్లగా తిన్నా పర్లేదంట గానీ నాకు నచ్చదు. ఎవరో చెప్పినట్టు పెనం మీద సన్న మంటలో పెట్టి, పక్కన రెండు చుక్కల నీళ్లేసి మూత పెట్టా, అడుగు కరకరలాడింది, చీజ్ కరిగింది. మైక్రోవేవ్‌లో అయితే రబ్బరే.