ఖాతాల యాప్ తెరవగానే మూసుకుపోతోంది, డేటా పోకుండా ఇంకేం చూడాలి?

ఆండ్రాయిడ్ 13 ఫోన్‌లో కొట్టు అప్పులు రాసుకునే యాప్ నిన్నటి నుంచి తెరవగానే లోగో చూపించి వెంటనే మూసుకుపోతోంది. మిగతా యాప్‌లన్నీ బాగానే ఉన్నాయి. అందుకే వెబ్‌వ్యూ మీద అనుమానం తక్కువ. 2021 మార్చిలో దాని అప్‌డేట్ చెడినప్పుడు చాలా యాప్‌లు ఒకేసారి ఇలా ఆగిపోయాయి.

ఫోర్స్ స్టాప్ చేసి ఫోన్ రీస్టార్ట్ చేశాను. సెట్టింగ్స్‌లో ఆ యాప్ స్టోరేజ్‌లోకి వెళ్లి క్యాష్ మాత్రమే క్లియర్ చేశాను. ప్లే స్టోర్‌లో కొత్త అప్‌డేట్ ఏమీ లేదు. ఫోన్‌లో ఖాళీ 300 ఎంబీయే ఉంటే పాత వీడియోలు తీసేసి 4 జీబీ చేశాను. జాగా చాలకపోతే యాప్ తన డేటాబేస్‌లో రాసుకోలేక ఆగిపోవచ్చు కదా! అయినా మార్పు లేదు.

క్లియర్ డేటా జోలికి మాత్రం పోలేదు. ఖాతాలన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి, బ్యాకప్ లేదు. అది నొక్కినా, అన్‌ఇన్‌స్టాల్ చేసినా మొత్తం పోతాయి.

జాగా నిండినప్పుడే డేటాబేస్ పాడైందేమోనని అనుమానం. కంప్యూటర్‌కి కలిపి ఇది నడిపితే, ఏ లైన్ చూసి తేల్చుకోవాలి?

```
adb logcat -b crash
```

రూట్ చేయకుండా ఆ డేటాబేస్ ఫైలు బయటికి తీసే దారి ఉంటే దయచేసి చెప్పండి.