అప్‌డేట్: బైబ్యాక్ లెక్క తేలింది

నా ప్రశ్న: ₹10 ముఖవిలువ గల లక్ష షేర్లలో 10,000 షేర్లను ₹25 చొప్పున కంపెనీ తిరిగి కొంది. ఆస్తి అప్పుల పట్టీ సరిపోయినా, జనరల్ రిజర్వు పుస్తకంలోని జవాబు కంటే ₹1.5 లక్షలు తక్కువ వస్తోంది. ఎందుకు?

అప్‌డేట్: తప్పు దొరికిందండీ. షేర్లకు చెల్లించిన ₹2.5 లక్షలకు సమానమైన మొత్తాన్ని జనరల్ రిజర్వు నుంచి క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వుకు మళ్లించాను. కంపెనీల చట్టం సెక్షన్ 69 ప్రకారం ముఖవిలువ మేరకే, అంటే ₹1 లక్షే మళ్లించాలి. ముఖవిలువకు మించి ఇచ్చిన ₹1.5 లక్షలు సెక్యూరిటీస్ ప్రీమియం నుంచి పోతాయి. ఒక రిజర్వు నుంచి ఇంకో రిజర్వుకు మార్చినంత మాత్రాన మొత్తం మారదు కదా, అందుకే పట్టీ సరిపోయి నన్ను బోల్తా కొట్టించింది!

తర్వాతి బోనస్ షేర్ల లెక్క కూడా కుదిరింది. మిగిలిన 90,000 షేర్లకు తొమ్మిదింటికి ఒకటి చొప్పున 10,000 కొత్త షేర్లు. ఆ ₹1 లక్ష రిజర్వు సరిగ్గా వాటికే సరిపోయి, మూలధనం మళ్లీ ₹10 లక్షలైంది.