డిశ్చార్జి సమ్మరీలో ఒక్క లైను: ‘ఐదేళ్ళుగా బీపీ’. దాని మీదే క్లెయిమ్ కొట్టేయొచ్చా?

కరీంనగర్ పిల్లగాడు (అడిగినవారు):
మా బాపుకు 61 ఏండ్లు. 2021 జూన్‌ల 5 లక్షల హెల్త్ పాలసీ తీసుకున్నం, ఏటా టైముకు కట్టినం. మొన్న ఫిబ్రవరి 2025ల గుండెపోటు వస్తే హైదరాబాద్‌ల ఒక స్టెంట్ ఏసిన్రు. బిల్లు 2,86,000. క్యాష్‌లెస్ ఇయ్యలే, మేమే కట్టి తర్వాత క్లెయిమ్ పెట్టినం. “పాలసీకి ముందే బీపీ ఉంది, చెప్పలేదు” అని క్లెయిమ్ తిరగ్గొట్టి పాలసీ కూడా రద్దు చేసిన్రు. డిశ్చార్జి సమ్మరీల ‘ఐదేళ్ళుగా బీపీ’ అని ఉంది. బాపు మాత్రం గోలీలు మొదలువెట్టి రెండేండ్లే అంటడు. కొట్లాడితే వస్తదా?

బెజవాడ శ్రీను:
తప్పకుండా వస్తాయి తమ్ముడూ. ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45 చూడు. మూడేళ్ళు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. మీది మూడేళ్ళ ఎనిమిది నెలలు. లాయరు చేత ఒక నోటీసు ఇప్పించు, వాళ్ళే దిగొస్తారు. ఇంకోటి, దాచిన జబ్బుకీ వచ్చిన జబ్బుకీ సంబంధం లేకపోతే డబ్బు ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టే చెప్పింది. నడుము నొప్పి సంగతి చెప్పని ఆయన గుండెపోటుతో పోతే కుటుంబానికి ఇప్పించారు.

ఓరుగల్లు వకీలమ్మ:
శ్రీను గారూ, చట్టం సరైనదే కానీ ఈ ఇంటికి సరిపోదు. సెక్షన్ 45 జీవిత బీమాకు. ఆరోగ్య బీమాకు వేరే గడువు ఉంది. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ ఆపకూడదు. ఇదివరకు అది ఎనిమిదేళ్ళు, 2024లో ఐదేళ్ళకు తగ్గించారు. తమ్ముడి పాలసీకి 44 నెలలే అయ్యాయి. కాబట్టి గడువు చూపించి గెలవలేడు. సెక్షన్ 45 పేరుతో నోటీసు ఇస్తే కంపెనీ లాయరు ఒక్క లైనులో తిప్పి కొడతాడు.

మీరు చెప్పిన ఆ 2015 కేసు సుల్భా మోటేగావ్‌కర్‌ది, అది మీరన్నట్టే జరిగింది, కానీ అక్కడ దాచింది నడుముకు సంబంధించిన జబ్బు. బీపీకీ గుండెకీ సంబంధం లేదని ఏ డాక్టరుతో చెప్పిస్తారు? ఆ వాదన ఎత్తుకుంటే మిగతా మంచి వాదన కూడా పలచబడుతుంది.

తమ్ముడూ, నీ కేసంతా తేదీ మీద ఉంది. కంపెనీ చేతిలో ఉన్నది ఆ ఒక్క లైనేనా, ఇంకేమన్నా ఉందా? తిరస్కరణ లేఖలో ఏ కాగితం చూపించారో చదివి చెప్పు. జబ్బు ముందే ఉందని, ఆ సంగతి మీ నాన్నకు తెలుసని రుజువు చేయాల్సింది కంపెనీయే. జబ్బు చరిత్ర కింద ఎవరో రాసిన మాటకు వెనక పాత చీటీ గానీ, రాసిన డాక్టరు అఫిడవిట్ గానీ లేకపోతే చాలదని వినియోగదారుల కమిషన్లు ఎన్నోసార్లు చెప్పాయి.

రాత్రి డ్యూటీ డాక్టర్:
ఆ లైను ఎట్లా పుడుతుందో నేను చెప్తాను. క్యాజువాలిటీలో పేషెంటు ఛాతీ పట్టుకుని ఉంటాడు. పక్కన వచ్చినవాళ్ళని “బీపీ ఉందా, షుగర్ ఉందా, ఎన్నాళ్ళుగా” అని అడుగుతాం. మేనల్లుడో పక్కింటాయనో “ఆ, నాలుగైదేళ్ళు ఉంటదేమో” అంటాడు. ‘ఐదేళ్ళు’ అని రాసేస్తాం. డిశ్చార్జి రోజు ఇంకొకరు దాన్నే కాపీ చేస్తారు. అందుకే కేస్ షీట్ మొత్తం తీసుకోండి, సమ్మరీ ఒక్కటి చాలదు. మొదటి పేజీలో చరిత్ర చెప్పిందెవరో రాసి ఉంటుంది.

ఎకో రిపోర్టు కూడా చూడండి. చాలా ఏళ్ళు బీపీ అదుపులో లేకపోతే గుండె ఎడమ గది గోడ మందం కావచ్చు. అట్లా ఉంటే కంపెనీ డాక్టరు దాన్నే పట్టుకుంటాడు. గోడ మామూలుగా ఉంటే మీకు కొంత బలం. అదొక్కటే రుజువని మాత్రం అనను.

డాలస్ నుంచి:
మా అమ్మగారికి కూడా ఇదే జరిగింది. ఇక్కడికి వచ్చేటప్పుడు ఇండియాలో ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం, షుగర్ అని రాశాం, కొలెస్ట్రాల్ మాత్ర రాయలేదు. ఆసుపత్రి బిల్లు కొట్టేశారు. మీరు కూడా ట్రావెల్ పాలసీ వాళ్ళ మీద వెళ్ళండి.

ఓరుగల్లు వకీలమ్మ:
అతనిది ట్రావెల్ పాలసీ కాదండీ, ఇక్కడి మామూలు హెల్త్ పాలసీ. కానీ మీ విషయానికి దాదాపు అచ్చంగా సరిపోయే తీర్పు ఉంది. మన్‌మోహన్ నందా కేసు, డిసెంబర్ 2021. ఆయన అమెరికా వెళ్తూ ఓవర్సీస్ మెడిక్లెయిమ్ తీసుకున్నారు, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగగానే గుండెపోటు, స్టెంట్లు. షుగర్ సంగతి కంపెనీకి తెలుసు, కొలెస్ట్రాల్ మాత్ర విడిగా రాయలేదని తిరస్కరించారు. సుప్రీంకోర్టు ఆయనకే ఇప్పించింది. ఆరోగ్య పరిస్థితి తెలిసే పాలసీ ఇచ్చిన కంపెనీ, తర్వాత అదే కారణం చూపలేదని చెప్పింది. మీ అమ్మగారి తిరస్కరణ లేఖ తేదీ చూసుకోండి. కమిషన్‌కు వెళ్ళడానికి రెండేళ్ళే గడువు.

క్లెయిమ్స్‌లో ఇరవయ్యేళ్ళు:
నేను కంపెనీ వైపు పనిచేసి రిటైరైనవాణ్ణి. అందరూ కంపెనీని దొంగగానే చూస్తున్నారు కాబట్టి రెండో వైపు చెప్తాను. ప్రపోజల్ ఫారంలో బీపీ ఉందా అని సూటిగా అడుగుతాం. మీ మాట నమ్మే ప్రీమియం లెక్క కడతాం. 57 ఏళ్ళ మనిషికి బీపీ ఉందని తెలిస్తే ప్రీమియం పెంచేవాళ్ళం, కొన్నిసార్లు పాలసీయే ఇచ్చేవాళ్ళం కాదు. సత్వంత్ కౌర్ సంధూ కేసులో 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది: పాలసీ ఇవ్వాలా వద్దా అనే నిర్ణయాన్ని ప్రభావితం చేసే ప్రతి విషయమూ చెప్పాల్సిందే. ఏజెంటు నింపాడు, నేను సంతకమే పెట్టాను అన్న మాట కూడా 2019లో రేఖాబెన్ కేసులో చెల్లలేదు.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఒక్క సమ్మరీ చూసి పాలసీ రద్దు చేయడం తొందరపాటు. మా రోజుల్లో ఇన్వెస్టిగేటర్‌ని పంపి పాత డాక్టర్ చీటీ తెప్పించుకున్నాకే చేసేవాళ్ళం.

ఓరుగల్లు వకీలమ్మ:
సార్, మీరన్నది న్యాయమే, ఒక్కచోట తేడా. సత్వంత్ కౌర్ కేసులో దాచింది షుగర్ ముదిరి కిడ్నీలు పాడైన సంగతి. పాలసీ తీసుకున్న కొద్ది నెలలకే మనిషి పోయారు. మాత్రతో అదుపులో ఉన్న బీపీని దానితో సమం చేయొచ్చా అన్నదే అసలు తగాదా. నా ప్రశ్న ఇది: 2021లో బీపీ ఉందని రాసి ఉంటే మీ కంపెనీ ఏం చేసేది? చాలావరకు, పాత జబ్బుకు కొన్ని నెలలు డబ్బు ఇవ్వమనే వెయిటింగ్ పీరియడ్ పెట్టి పాలసీ ఇచ్చేది. తమ్ముడూ, మీ పాలసీలో అది ఎన్ని నెలలు?

కరీంనగర్ పిల్లగాడు:
36 నెలలు అక్కా.

ఓరుగల్లు వకీలమ్మ:
అంటే అది 2024 జూన్‌కే తీరిపోయింది. చెప్పి ఉన్నా 2025 ఫిబ్రవరి క్లెయిమ్ ఇవ్వాల్సిందే. ఇది బలమైన మాట, రాతలో తప్పక పెట్టు. బీపీ ఉంటే పాలసీ ఇచ్చేవాళ్ళమే కాదని కంపెనీ అంటే, 2021 నాటి వాళ్ళ అండర్‌రైటింగ్ నియమం, అంటే ఎవరికి పాలసీ ఇవ్వాలో తేల్చే నియమం, చూపించమని అడుగు.

క్లెయిమ్స్‌లో ఇరవయ్యేళ్ళు:
ప్రీమియం పెంచేవాళ్ళమని కూడా వాళ్ళు అనొచ్చు, బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్లందరూ మీ వాదనతో ఏకీభవించరు. కానీ ఆ నియమం చూపించమని అడగడం మంచి ఎత్తు. నేనున్నప్పుడు అది అడిగినవాళ్ళు తక్కువ.

కరీంనగర్ పిల్లగాడు:
లేఖల సమ్మరీ తప్ప ఇంకో కాగితం పేరు లేదు. కేస్ షీట్ కూడా తెచ్చిన. చరిత్ర చెప్పింది మా చిన్న బావ అని ఉంది. ఆయన దుబాయ్‌ల ఉంటడు, ఆ వారమే వచ్చిండు, ఆయనకేం తెలుసు! ఎకోల గోడ మందం మామూలే అని ఉంది. కానీ ఇంకోటి చెప్పాలె. బీరువాల ఒక పాత చీటీ దొరికింది. 2020 నవంబర్‌ల మా ఊరి దగ్గర డాక్టర్ బీపీ 150/90 అని రాసి పది రోజుల గోలీలు ఇచ్చిండు. తర్వాత బాపు పోలే, గోలీలు ఏసుకోలే. మళ్ల 2023లనే మొదలు. ఇది చింపెయ్యాల్నా?

బెజవాడ శ్రీను:
ఎవరికీ చూపించకు. 2023 కన్నా ముందు బీపీ లేదని ఆ డాక్టరు చేతనే సర్టిఫికెట్ రాయించుకో.

ఓరుగల్లు వకీలమ్మ:
వద్దు తమ్ముడూ. చింపకు, అబద్ధపు సర్టిఫికెట్ రాయించకు. ఆ డాక్టరు దగ్గరికి ఇన్వెస్టిగేటర్ వెళ్తే రిజిస్టరులో అదే తేదీ దొరుకుతుంది. అప్పుడు మాట మరిచిపోయిన కేసు కాస్తా మోసం కేసవుతుంది. మోసం రుజువైతే 60 నెలల రక్షణ కూడా ఉండదు. ఆ చీటీ కొంత నీకు ఎదురే, పాలసీకి ముందు డాక్టరు మందు రాశాడు కాబట్టి. కానీ ‘ఐదేళ్ళుగా’ అన్న కంపెనీ మాట తప్పని అదే చెప్తుంది. ఒక్కసారి చూసిన రీడింగుకు పది రోజుల మందు వాడి మానేసిన రైతు, తనకు బీపీ జబ్బుందని తెలిసే దాచాడా అన్నది వాదించదగ్గ విషయం. గెలుస్తావని మాట ఇవ్వలేను.

రాత్రి డ్యూటీ డాక్టర్:
వైద్యపరంగా కూడా ఒక్క రీడింగుతో బీపీ అని తేల్చం. వేరే రోజు మళ్ళీ చూస్తాం. అది రాయండి.

ఓరుగల్లు వకీలమ్మ:
ఇక పని సంగతి. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టు. సంతకం చేసిన ప్రపోజల్ ఫారం కాపీ, పాలసీకి ముందు ఫోనులో ఆరోగ్యం గురించి అడిగి ఉంటే ఆ రికార్డింగు, తిరస్కరణకు ఆధారమైన కాగితాలు అడుగు. ఫోనులో బీపీ అని అసలు అడగనే లేదని తేలిన కేసులు నేను చూశాను. తిరస్కరణను క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదించిందా అని కూడా అడుగు. 2024 మే నుంచి ఆ మెట్టు ఎక్కకుండా కొట్టేయకూడదు. అదే ఫిర్యాదు bimabharosa.irdai.gov.in లో కూడా ఎక్కించు.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినా నచ్చకపోయినా, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళు. రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లో, లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. cioins.co.in లో ఇంటి నుంచే పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్ళాలి. తీర్పు కంపెనీని కట్టేస్తుంది గానీ నిన్ను కాదు. నచ్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండుచోట్లా ఒకేసారి వేయకు, కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు.

చాలామంది మరిచిపోయేది ఒకటి: డబ్బుతో పాటు పాలసీని మొదటి తేదీ నుంచే పునరుద్ధరించమని కూడా అడుగు. స్టెంట్ పడిన 61 ఏళ్ళ మనిషికి కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా ఆ 44 నెలలూ పోయి మళ్ళీ మొదటి నుంచి లెక్క.

క్లెయిమ్స్‌లో ఇరవయ్యేళ్ళు:
విచారణకు మీ బాపును కూడా తీసుకెళ్ళు బాబూ. నేను కంపెనీ తరఫున కూర్చునేవాణ్ణి. కాగితంలో లేనిది ఆయన నోట వింటే అంబుడ్స్‌మన్‌కు తేడా తెలుస్తుంది. 2020 చీటీ గురించి అడక్కముందే ఆయనే చెప్పడం మేలని నా అభిప్రాయం.

ఓరుగల్లు వకీలమ్మ:
అడక్కముందే చెప్పాలా, అడిగితే దాచకుండా చెప్పాలా అన్నదాంట్లో నాకు ఇంకా తేల్చుకోలేని మాటుంది సార్. రేపు ఫోను చేయండి, మాట్లాడదాం.

కరీంనగర్ పిల్లగాడు:
మెయిల్ ఇప్పుడే పంపిన. చిన్న బావ కూడా దుబాయ్‌ నుంచి ఒక కాగితం రాసి పంపుతా అన్నడు, ఆ రాత్రి తను అంచనాగా చెప్పినట్టు. ప్రపోజల్ ఫారం రాంగనే ఇక్కడ చెప్త.