జీబీఎస్ వైద్యానికి సాయం అడిగే పోస్ట్‌లో ఎంతవరకు చెప్పాలి?

రవళి_ఖమ్మం: మా బావగారికి జీబీఎస్, అంటే నరాలు దెబ్బతిని ఒళ్ళు చచ్చుబడే జబ్బు వచ్చి హైదరాబాద్‌లో ఐసీయూలో ఉన్నారు. ఎస్టిమేట్ 6,20,000. ఇన్సూరెన్స్ వాళ్ళు 2 లక్షలు ఒప్పుకున్నారు, మేం 1,20,000 కట్టాం. మిగతా 3 లక్షలకి వాట్సాప్ పోస్ట్ పెట్టాలి. "24 గంటల్లో కట్టకపోతే ప్రాణం దక్కదు" అని రాద్దామంటున్నాడు మా తమ్ముడు. ఎలా రాయమంటారు?

కొల్లేటి_కొంగ: తమ్ముడు చెప్పినట్టే రాయండి. వెంటిలేటర్ ఫోటో కూడా పెట్టండి. మా అన్నయ్య యాక్సిడెంట్‌కి మర్యాదగా రాస్తే ఆటో ఖర్చులకి కూడా రాలేదు.

నర్సు_విమల: అసలు వెంటిలేటర్ మీద ఉన్నారా? లేకపోతే ఆ ఫోటో ఎవరిది పెడతారు? జీబీఎస్‌లో ఎక్కువమంది కోలుకుంటారు, కాకపోతే నెలలు పడుతుంది. తొందర మాత్రం నిజంగానే ఉంది. లక్షణాలు మొదలైన రెండు వారాల్లోపు ఐవీఐజీ, అంటే నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు ఇస్తే బాగా పనిచేస్తుంది. 24 గంటల మాట తీసేసి ఇది రాయండి. డోసు బరువుని బట్టి ఉంటుంది, కిలోకి 2 గ్రాములు, మామూలుగా ఐదు రోజుల్లో ఎక్కిస్తారు. 60 కిలోల మనిషికి 120 గ్రాములు, అంటే 5 గ్రాముల వయల్స్ 24. గ్రూపులో ఒక్క డాక్టర్ ఉన్నా ఆ లెక్క చూసి నిజమో కాదో చెప్పేస్తారు. ఆ ఒక్కరు నిజమే అంటే మిగతావాళ్ళు నమ్ముతారు.

శ్రీను77: ఆరోగ్యశ్రీలో 10 లక్షల దాకా ఫ్రీ కదా, ఇంకా చందాలెందుకు?

నర్సు_విమల: 10 లక్షలు పరిమితి మాత్రమే శ్రీను గారూ. కార్డుండాలి, ఆ వైద్యం జాబితాలో ఉండాలి, ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉండాలి. ఆరోగ్యమిత్రని అడిగితే తేలుతుంది.

రవళి_ఖమ్మం: మాకు కార్డు లేదండీ. బావగారు 60 కిలోలే. వెంటిలేటర్ పెట్టలేదు. కాళ్ళు కదలట్లేదు, మింగడం కష్టంగా ఉంది. వయల్ 11,500 చొప్పున బిల్లు వేశారు.

కొల్లేటి_కొంగ: వయల్స్ లెక్క చూసి ఎవరికీ కళ్ళు చెమర్చవు. కళ్ళు చెమర్చకపోతే చెయ్యి కదలదు.

బ్యాంక్_మూర్తి: డబ్బు ఎక్కడికి వెయ్యాలో సరిగ్గా రాయండి. ముందు ఆసుపత్రి ఖాతా వివరాలు, రిమార్క్స్‌లో పేషెంట్ ఐపీ నంబరు వెయ్యమనండి. మందు బయట స్టాకిస్టు దగ్గర చవగ్గా దొరికితే దానికి ఆసుపత్రి ఖాతా పనికిరాదు, అందుకని మీ అక్కగారి ఖాతా కూడా ఇవ్వండి. ఫ్రెండ్స్ ఖాతాలు వద్దు. క్యూఆర్ బొమ్మ ఒక్కటే పెడితే ఫార్వర్డ్ అయ్యేటప్పుడు ఎవరో మార్చేస్తారు. యూపీఐ ఐడీని అక్షరాల్లో రాసి, పే నొక్కే ముందు ఏ పేరు కనిపించాలో కూడా రాయండి. పోస్ట్ మీద తేదీ తప్పనిసరి. మొత్తం అందాక కూడా అది తిరుగుతూనే ఉంటుంది.

రవళి_ఖమ్మం: ఇలా రాశాను, చూడండి:

"మా బావగారికి (42) జీబీఎస్. కాళ్ళు కదలడం లేదు. వెంటిలేటర్ ఇప్పటివరకు అవసరం పడలేదు, పడవచ్చని డాక్టర్లు చెప్పారు. ఐవీఐజీ 24 వయల్స్‌కి 2,76,000. ఐసీయూ, పరీక్షలతో కలిపి మొత్తం ఎస్టిమేట్ 6,20,000. ఇన్సూరెన్స్ 2,00,000, మేం కట్టింది 1,20,000. కావలసింది 3,00,000. అది అందగానే ఇక్కడే చెప్పి ఆపేస్తాం. ఎస్టిమేట్ ఫోటో కింద ఉంది."

కొల్లేటి_కొంగ: ఇన్సూరెన్స్ సంగతి తీసేయండి. 2 లక్షలు వచ్చాయిగా, ఇంకెందుకు అంటారు.

బ్యాంక్_మూర్తి: తీస్తే అది దాచడమే. అక్కగారి ఖాతా స్టేట్‌మెంట్ కూడా వారానికోసారి పెట్టాలి. నేను ఒకాయన భార్య ఆపరేషన్‌కి పెద్ద మొత్తమే ఇచ్చాను. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆవిడ బతికుందో లేదో కూడా నాకు తెలీదు.

కొల్లేటి_కొంగ: స్టేట్‌మెంటా! సాయం చేస్తే ఇల్లంతా తెరిచి చూపించాలా? మా అన్నయ్యకి 500 ఇచ్చినాయన ఇంటికొచ్చి, ఫ్రిజ్ చూసి, "ఇది అమ్మొచ్చుగా" అన్నాడు. మా వదిన ఎదురుగానే. ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. ఏడుపు రాయమని ఊరికే అనట్లేదు నేను. జాలితో ఇచ్చినవాడు ఇంట్లోకి తొంగిచూడడు.

బ్యాంక్_మూర్తి: లెక్క అడగనివాళ్ళ దగ్గరే మోసగాళ్ళు పోగేసుకుంటారు.

నర్సు_విమల: ఫ్రిజ్ గురించి అన్నది దారుణం. ఇచ్చినవాళ్ళకి ఆసుపత్రి బిల్లు, కట్టిన రసీదులు చూసే హక్కుంది. ఇంట్లో ఏముందో, ఆవిడ ఖాతాలో కూరగాయలకి ఎంత పోయిందో వాళ్ళకి అనవసరం. ఆ రసీదులు పెట్టేటప్పుడు కూడా ఫోన్ నంబరు, అడ్రసు చెరిపేయండి. ఆధార్ అసలు పెట్టొద్దు.

రవళి_ఖమ్మం: ఇన్సూరెన్స్ లైను ఉంచుతున్నాను. రసీదులు పెడతాను, స్టేట్‌మెంట్ మాత్రం అక్క వద్దంది.

బ్యాంక్_మూర్తి: సరే, నేనైతే స్టేట్‌మెంట్ లేకుండా ఇవ్వను. మరి 3 లక్షలు దాటి వస్తే?

రవళి_ఖమ్మం: ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ చాలాకాలం చేయించాలన్నారు. దానికి వాడతాం.

నర్సు_విమల: ఆ మాట ఇప్పుడే పోస్ట్‌లో రాసేయండి, డబ్బు వచ్చాక కాదు.

కొల్లేటి_కొంగ: ఇచ్చాక ఆ డబ్బు వాళ్ళది. దేనికి వాడాలో కూడా మీరే చెప్తారా?