కృత్రిమ చేతి వేళ్ల తీగ మళ్లీ మళ్లీ వదులవుతోంది: స్ప్రింగు పెట్టాలా, స్టీలు తీగకు మారాలా?

పీఎల్ఏతో ప్రింట్ చేసిన చేయి మాది. ఒక్కో వేలికి ఒక ఎంజీ996ఆర్ సర్వో, 6 వోల్టుల సప్లై. కప్పీ వ్యాసార్థం 12 మి.మీ., 120 డిగ్రీలు తిరిగితే తీగ సుమారు 25 మి.మీ. లాగుతుంది. వేలు తెరుచుకోవడానికి వెనక ఎలాస్టిక్ దారం ఉంది.

కొత్తగా బిగించినప్పుడు చూపుడువేలు అరచేతిని పూర్తిగా తాకుతుంది. సుమారు 300 సార్లు మూసి తెరిచాక తీగ 4 మి.మీ. వదులై, వేలు సగంలోనే ఆగుతోంది. సర్వో కోణం మాత్రం మారలేదు.

మొదట నైలాన్ వాడాం, అది బాగా సాగింది. ఇప్పుడు 0.5 మి.మీ. అల్లిక ఫిషింగ్ లైన్ వేశాం. బిగించే ముందు 2 కిలోల బరువుతో రాత్రంతా వేలాడదీశాం. ముడి దగ్గర పెన్నుతో గీత పెట్టి చూశాం, ముడి జారడం లేదు. వేలికొన రంధ్రం అంచున తీగ గాడి కోసింది కాబట్టి అక్కడ టెఫ్లాన్ గొట్టం ముక్క దూర్చాం. రాపిడి తగ్గింది, వదులు తగ్గలేదు.

స్టీలు తీగ సాగదు గానీ, కీళ్ల దగ్గర చిన్న వంపుల్లో పదేపదే వంగి తెగుతుందని మా భయం. అల్లిక లైనే ఉంచి కప్పీ దగ్గర టెన్షన్ స్ప్రింగు పెడితే పట్టు బలం తగ్గుతుందేమో.

ఇలాంటి చేయి వేల సార్లు నడిపినవారు ఈ రెండింటిలో దేన్ని ఎంచుకున్నారు?