‘భిన్నరుచిర్హి లోకః’: ఫోటో పోటీ ఫలితం కింద ఈ మాట రాయొచ్చా?

ముగ్గుపిండి: అందరికీ నమస్కారం. మేము అమెరికాలో ఉంటాం. ఇక్కడి మా తెలుగువాళ్ళం సంక్రాంతికి ముగ్గుల ఫోటో పోటీ పెట్టుకున్నాం. 28 ఫోటోలు వచ్చాయి. జడ్జీలు ఆరుగురు. ఒక్కొక్కరూ ఒక్కో ఫోటోకి పదికి మార్కులేశారు. మొదటి ఫోటోకి 60కి 44, రెండోదానికి 43, మూడోదానికి 42 వచ్చాయి. ఫలితాలు రాసే పని నామీద పడింది. బహుమతి రానివాళ్ళు నొచ్చుకోకుండా చివర్లో ‘లోకో భిన్నరుచిః’ అని పెడదామనుకుంటున్నాను. ఈ మాట ఎక్కడిది? ఇక్కడ వాడితే అతుకుతుందా?

సంస్కృతం మాస్టారు: కాళిదాసు రఘువంశం, ఆరో సర్గ, ఇందుమతీ స్వయంవరం. మనం వాడుకలో తిరగేసి అంటాం గానీ శ్లోకం ఇదండీ:

అథాంగరాజాదవతార్య చక్షు-
ర్యాహీతి జన్యామవదత్కుమారీ ।
నాసౌ న కామ్యో న చ వేద సమ్యగ్
ద్రష్టుం న సా భిన్నరుచిర్హి లోకః ॥

ద్వారపాలిక సునంద ఒక్కొక్క రాజు ముందుకూ ఇందుమతిని తీసుకెళ్ళి, అతని గొప్పలు చెబుతూ ఉంటుంది. అంగరాజు దగ్గర ఆ పొగడ్త మామూలుగా ఉండదు. ఎప్పుడూ వేరువేరు చోట్ల ఉండే లక్ష్మీ సరస్వతులు ఇతని దగ్గర కలిసి ఉన్నారు, వాళ్ళకు మూడోదానివి కాదగినదానివి నువ్వే అంటుంది. ఇందుమతి అతని మీంచి చూపు తిప్పుకుని ‘పద’ అంటుంది, అంతే. అప్పుడు కవి అంటాడు: అతను కోరదగనివాడు కాడు. ఆమెకు సరిగ్గా చూడటం రాదనీ కాదు. లోకంలో ఒక్కొక్కరి అభిరుచి ఒక్కో తీరు.

నాకు ఎంతో ఇష్టమైన శ్లోకం ఇది. అందరూ చివరి ముక్కే పట్టుకుంటారు. అసలు బలమంతా దానికి ముందున్న రెండు ‘కాదు’లలో ఉంది. నచ్చకపోతే మనం వెంటనే ఆ వస్తువులో లోపం వెతుకుతాం, లేదా చూసినవాళ్ళకు చూడటం రాదంటాం. కవి ఆ రెండు దారులూ మూసేసి మూడోది చూపించాడు. ఈ కావ్యానికి వ్యాఖ్య రాసిన మన మెదకు ప్రాంతంవాడు మల్లినాథసూరి కూడా ఇక్కడ, అందమైనదే అయినా కొన్ని కొందరికి నచ్చవు, ఇష్టాన్ని కట్టడి చేయలేం కదా అనే భావం చెప్పాడు.

ఏటిగట్టు: మాస్టారూ, మన వేమన చెప్పింది కూడా ఇదేగా? ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరయా’. తెలిసినవాళ్ళు చూస్తే ఏది ఉప్పో ఏది కర్పూరమో తేలిపోతుంది. జడ్జీలంటే ఆ తెలిసినవాళ్ళే. వాళ్ళు 44 వేశారంటే అది 43 కన్నా మంచి ఫోటోనే. ఇంక భిన్నరుచి ఎందుకు?

సంస్కృతం మాస్టారు: సగం నిజం, నాయనా. వేమన పద్యంలో రుచి వస్తువుది. ఉప్పు రుచి ఉప్పుదే, ఎవరు నోట్లో వేసుకున్నా ఉప్పగానే ఉంటుంది. కాళిదాసు మాటలో రుచి చూసేవాళ్ళది. పోటీలో రెండూ ఉంటాయి. చెయ్యి వణికి మసకబారిన ఫోటో ఎవరికైనా మసకే, అక్కడ వేమన పద్యం వర్తిస్తుంది. బాగా తీసిన రెండు ఫోటోల్లో ఏది మిన్న అన్నచోట ఇందుమతి వస్తుంది.

పాలమూరు పిల్ల: నాదొక అనుభవం చెప్తా. మా పాప స్కూల్లో పోటీకి బతుకమ్మ బొమ్మ వేసింది. తంగేడు పసుపు, గునుగు తెలుపు, పట్టుకుచ్చు పూల ముదురు గులాబీ, అన్నీ వరసలు వరసలుగా నింపేసింది. ‘రంగులు ఎక్కువయ్యాయి, ఖాళీ జాగా లేదు’ అని వెనకాల రాసిచ్చారు. బతుకమ్మలో ఖాళీ జాగా ఎక్కడుంటుందండీ? ఖాళీ లేకుండా పేర్చడమే కదా పని! పాప రెండు రోజులు రంగుపెట్టె ముట్టలేదు. ఇట్లాంటి జడ్జీల మీద ఎవరికి కంప్లైంట్ ఇవ్వాలి?

సంస్కృతం మాస్టారు: కంప్లైంట్ సంగతి నాకు తెలియదు తల్లీ. కానీ ఆ వాక్యం చూడు. ‘నాకు ఖాళీ ఉన్న బొమ్మలు ఇష్టం’ అని చెప్పాల్సింది, ‘నీ బొమ్మలో ఖాళీ లేదు’ అయిపోయింది. తన ఇష్టాన్ని పిల్ల తప్పుగా రాశారు. కవి మూసిన మొదటి దారి అదే.

లెక్కల టీచర్: ముగ్గుపిండి గారూ, మొత్తాలు కాదు, ఆ మూడు ఫోటోలకి ఎవరెవరు ఎన్నెన్ని వేశారో పెట్టండి. మొత్తం వేస్తే అసలు విషయం దాక్కుంటుంది.

ముగ్గుపిండి: పెడుతున్నాను. జడ్జీల వరస మూడింటికీ ఒకటే.

```
వేళ్ళ ఫోటో   6 7 6 8 9 8   = 44
వాకిలి ఫోటో  8 8 9 6 6 6   = 43
గడప ఫోటో    7 7 7 7 7 7   = 42
```

వేళ్ళ ఫోటో అంటే చూపుడువేలు, బొటనవేలు మధ్యనుంచి పిండి జారుతుండగా బాగా దగ్గరగా తీసింది. చుట్టూ అంతా నలుపే. వాకిలి ఫోటోలో ముగ్గు మొత్తం, గొబ్బెమ్మలు, అరుగు మీద నాయనమ్మ, వెనక అరటిచెట్టు, అన్నీ ఉన్నాయి. గడప ఫోటో చక్కగా, శుభ్రంగా ఉంటుంది. మొదటి ముగ్గురు జడ్జీలు మన ఊళ్ళలో పెరిగినవాళ్ళు. తర్వాతి ముగ్గురు ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు, ఫోటోగ్రఫీ కోర్సు చేసినవాళ్ళు.

లెక్కల టీచర్: ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. ఒక్కొక్క జడ్జిని పక్కన పెట్టి మళ్ళీ కూడండి. ఐదో జడ్జి ఆ రోజు రాలేదనుకుందాం. వేళ్ళ ఫోటోకి 35, వాకిలికి 37. మొదటి స్థానం మారిపోయింది. నాలుగో ఆయన లేకపోతే 36, 37. ఆరో ఆయన లేకపోయినా అంతే. మొదటి ముగ్గురిలో ఎవరు లేకపోయినా వేళ్ళ ఫోటోయే ముందుంటుంది. అంటే ఆరు సందర్భాల్లో మూడింట్లో ఫలితం తిరగబడుతోంది. ఆ ఒక్క మార్కు ఫోటోల తేడా చెప్పడం లేదు, ఎవరిని జడ్జీలుగా పిలిచారో చెబుతోంది.

ఇంకొకటి. గడప ఫోటో అందరికీ నచ్చింది, ఎవరికీ అన్నిటికన్నా ఎక్కువ నచ్చలేదు. వేళ్ళ ఫోటో సగంమందికి బాగా నచ్చింది, మిగతా సగానికి అంతంతమాత్రం. 42, 44 అని రాస్తే ఇవి దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి. నిజానికి ఈ రెండింటి కథలు వేరు.

కెమెరా సంచి: నేను పెళ్ళి ఫోటోలు తీస్తాను, ఈ విషయం మీద కొంత చదువుకున్నాను కూడా. టీచర్ గారు చెప్పింది పెద్ద ఎత్తున కూడా కనిపించింది. ఏవీఏ అని ఒక సంకలనం ఉంది, 2012లో వచ్చింది. ఒక ఫోటో పోటీల వెబ్‌సైటులో జనం వేసిన ఓట్లవి. రెండున్నర లక్షలకు పైగా ఫోటోలు, ఒక్కోదానికి సగటున రెండొందలకు పైగా ఓట్లు, 1 నుంచి 10 దాకా. సగటు మార్కు ఒకటే ఉన్న ఫోటోల్లో కూడా కొన్నిటికి ఓట్లు ఒకచోట కుదురుకుంటాయి, కొన్నిటికి అటూ ఇటూ చెదిరిపోతాయి. చెదిరేవి చాలావరకు మామూలు పద్ధతి తప్పి తీసినవి. ఆ వేళ్ళ ఫోటో అలాంటిదే.

జడ్జీలు సరిగ్గా మూడు, మూడుగా చీలడం గురించి కూడా చెప్పాలి. 2008లో మసుద, ఆయన తోటివాళ్ళు తూర్పు ఆసియా విద్యార్థులనీ అమెరికా విద్యార్థులనీ పోల్చారు. మనిషిని ఫోటో తీయమంటే అమెరికావాళ్ళు ముఖాన్ని పెద్దగా తీశారు, తూర్పు ఆసియావాళ్ళు ముఖం చిన్నదిగా, చుట్టూ పరిసరాలు ఎక్కువగా వచ్చేలా తీశారు. ఇష్టపడటంలో కూడా ఆ తేడా ఉంది. మీ వాకిలి ఫోటో, వేళ్ళ ఫోటో గొడవ అలాగే అనిపిస్తోంది కదా?

ముగ్గుపిండి: అయితే ‘సంస్కృతి వల్ల తేడా వచ్చింది’ అని రాసేయనా?

కెమెరా సంచి: వద్దండీ, అది రాయకండి. ఆ పరిశోధనలో తెలుగువాళ్ళు లేరు. పైగా మీ రెండో ముగ్గురు ఇక్కడ పెరిగినవాళ్ళే కాదు, కోర్సు చేసినవాళ్ళు కూడా. కోర్సులో మొదట నేర్పేది అనవసరమైనది ఫ్రేములోంచి తీసేయమని. తేడా పెరిగిన చోటుదా, చదువుదా, లేక ఆ ముగ్గురి సొంత ఇష్టమా అని ఆరుగురి మార్కులు చూసి విడదీయలేం. ఊళ్ళో పెరిగి కోర్సు చేసినవాళ్ళు ఒకరిద్దరు ఉంటే కాస్త తెలిసేదేమో. ఇంతకీ అందరూ ఒకే స్క్రీన్ మీద చూశారా? ఫోన్లో నాయనమ్మ ముఖం ఆనదు. వేళ్ళ ఫోటో ఫోన్లో కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ముగ్గుపిండి: ఎవరి ఫోన్లో వాళ్ళు చూశారనుకుంటా. కనుక్కుంటాను.

ఏటిగట్టు: ఇన్ని అనుమానాలుంటే పోటీ ఎందుకు, చీటీలు తీసి బహుమతి ఇచ్చేస్తే పోలా? అంతా రుచే అయితే మార్కులకు అర్థమేముంది?

లెక్కల టీచర్: అంతా రుచి అని ఎవరన్నారు తమ్ముడూ? అడుగున ఉన్నవాటి సంగతి అడుగుదాం. ముగ్గుపిండి గారూ, చివరి వాటికి మార్కులెలా ఉన్నాయి?

ముగ్గుపిండి: చివరి ఎనిమిదింటికి ఆరుగురిలో ఎవరూ నాలుగు దాటి వేయలేదు. కొన్ని మసక, రెండింట్లో తీసినవాళ్ళ నీడే ముగ్గు మీద పడింది.

లెక్కల టీచర్: అదిగో. ఆ ఎనిమిది చివర్న ఉంటాయని ధైర్యంగా చెప్పొచ్చు. ఏ జడ్జిని తీసేసినా అవి పైకి రావు. పై మూడింటి వరస మాత్రం అంత ధైర్యంగా చెప్పలేం. ‘తెలియదు’ అన్నమాట అన్నిటికీ ఒకేలా పూసేయకూడదు. ఎక్కడ గట్టిగా తెలుసో, ఎక్కడ తెలియదో విడివిడిగా చెప్పాలి.

సంస్కృతం మాస్టారు: అందుకే శ్లోకం ముక్క ఒక్కటే పెట్టడం నాకు నచ్చలేదు. ఇందుమతి తనకోసం ఎంచుకుంది, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. మీరు ఊరందరి తరఫున ‘ఇది ఉత్తమం’ అంటున్నారు, మీరు లెక్క చెప్పాలి. లెక్క చెప్పకుండా ‘లోకో భిన్నరుచిః’ అంటే, అడగబోయినవాళ్ళ నోరు మూయించినట్టుంటుంది. ముందు మార్కులు చెప్పి, ఆ తర్వాత శ్లోకం మొత్తం పెట్టండి, హాయిగా అతుకుతుంది.

ముగ్గుపిండి: ఇలా రాశాను, చూడండి:

‘ఈ వరస ఈ ఆరుగురు జడ్జీల అభిరుచి ప్రకారం వచ్చింది. మొదటి రెండు ఫోటోల మధ్య తేడా 60కి ఒక్క మార్కు. ముగ్గురు ఒకదాన్ని, ముగ్గురు ఇంకోదాన్ని పైన పెట్టారు. జడ్జీల్లో ఒక్కరు మారినా ఈ వరస మారిపోయే అవకాశం ఉంది. అందుకే రెండింటికీ కలిపి మొదటి బహుమతి ఇస్తున్నాం. గడప ఫోటో ఆరుగురికీ సమానంగా నచ్చింది. దానికి మూడో బహుమతి కాకుండా ‘అందరూ మెచ్చిన ఫోటో’ అని విడిగా ఇస్తున్నాం. చివరి ఎనిమిది ఫోటోల విషయంలో జడ్జీలందరిదీ ఒకే మాట. వాటిలో ఏం సరిచేసుకోవాలో తీసినవాళ్ళకు విడిగా రాస్తాం.’

పాలమూరు పిల్ల: ‘అందరూ మెచ్చిన’ అంటే ఊరంతా మెచ్చినట్టు ఉంది అక్కా. మెచ్చింది ఆరుగురే కదా.

ముగ్గుపిండి: నిజమే. ‘ఆరుగురు జడ్జీలూ మెచ్చిన ఫోటో’ అని మారుస్తాను.

ఏటిగట్టు: నాకింకా పూర్తిగా ఒప్పుదల కాలేదు. పోటీకి పంపినవాళ్ళు ఒక్క విజేత ఉంటాడనే పంపారు. ముందే చెప్పకుండా ఇప్పుడు ఇద్దరంటే, 44 వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళే గెలిచినట్టని నియమం పెట్టుకుంటే ఆ నియమం ప్రకారం పోవాలి.

లెక్కల టీచర్: అది న్యాయమైన మాటే. నియమాల్లో మొత్తం మార్కులే లెక్క అని రాసుంటే కప్పు వేళ్ళ ఫోటోకే ఇవ్వండి. కానీ ‘నియమం ప్రకారం గెలిచింది’ అని రాయండి, ‘ఉత్తమ ఫోటో’ అని రాయకండి. వచ్చే ఏడాదికి మాత్రం, తేడా మూడు మార్కుల లోపుంటే సమానం అని ముందే రాసుకోండి. మూడే ఎందుకంటే నా దగ్గర పెద్ద శాస్త్రమేమీ లేదు, ఆరుగురిలో ఒక్కరి అభిప్రాయం కాస్త మారితే అంత తేడా వస్తుంది కాబట్టి.

ముగ్గుపిండి: నియమాల కాగితం చూశాను. ‘జడ్జీల నిర్ణయమే తుది నిర్ణయం’ అని ఒక్క ముక్కే ఉంది. మార్కుల మాటే లేదు. రేపు ఆరుగురినీ ఫోన్లో కలిపి, ఈ పట్టీ చూపించి అడుగుతాను. జడ్జీల పేర్లతో మార్కులు బయట పెట్టొచ్చా, వద్దా అన్నది కూడా వాళ్ళనే అడగాలి. ఇద్దరు ఇప్పటికే వద్దంటున్నారు.